రెండు నిమిషాల పిచ్ వీడియో: అడిగే మొత్తం దగ్గర మొదలుపెట్టి వెనక్కి రాయండి

తొమ్మిది పేజీల పిచ్ రాసుకున్న స్టార్టప్ ఫౌండర్‌ని ‘రెండు నిమిషాల వీడియో పంపండి’ అని ఇన్వెస్టర్ అడిగితే, మనవాళ్లలో చాలామంది చేసే మొదటి పని ఒకటే. ప్రతి పేజీలోంచి ఒకటి రెండు మంచి వాక్యాలు ఏరి, వరసగా పేర్చి, కెమెరా ముందు గబగబా చదివేస్తారు. పొడవు తగ్గింది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. నా దృష్టిలో అసలు నష్టం అక్కడే జరుగుతుంది. రాతలో ఏ విషయానికి ఎంత చోటు ఇచ్చామో వీడియోలోనూ అదే వాటా ఇస్తే, ఇన్వెస్టర్‌కి కావలసింది చివరి పది సెకన్లలోకి వెళ్లిపోతుంది.

ఇది గాల్లో మాట్లాడుకుంటే తేలేది కాదు. అందుకే ఒక ఉదాహరణ తీసుకుందాం. అరకు లోయలో కాఫీ ఆరబెట్టే సోలార్ డ్రయ్యర్ల స్టార్టప్ ఒకటి ఉందనుకోండి. దాన్ని నడిపేది అక్కడే పుట్టి, విశాఖలో ఇంజినీరింగ్ చదివిన అమ్మాయి. సంస్థ, దాని అంకెలు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవే. అరకు, కాఫీ, అక్కడి చట్టం మాత్రం నిజం.

తొమ్మిది పేజీల్లో ఏముంది?

ఆమె రాసిన పిచ్‌లో మొదటి మూడు పేజీలు అరకు గొప్పతనం, దేశంలో కాఫీ మార్కెట్ ఎంత పెద్దదో చెప్పేవి. రెండు పేజీలు డ్రయ్యర్ ఎలా పనిచేస్తుందో. ఒకటిన్నర పేజీ టీమ్. ఒకటిన్నర పేజీ వచ్చే ఐదేళ్ల అంచనాల పట్టికలు. ఇప్పటిదాకా ఏం సాధించారో అర పేజీ. ఎంత డబ్బు కావాలో, దేనికో ఇంకో అర పేజీ.

దీన్ని వాటాల ప్రకారం రెండు నిమిషాలకు కుదించి చూడండి. అరకు అందాలకి 40 సెకన్లు వస్తాయి. సాధించినదానికి, అంటే ఇన్వెస్టర్లు ట్రాక్షన్ అనేదానికి, ఏడు సెకన్లు కూడా మిగలవు. ‘మంచి స్పందన వచ్చింది’ అనడానికే అవి సరిపోతాయి. ఆ మాట విని ఎవరూ చెక్కు రాయరు.

అరకు నేపథ్యం చెప్పొద్దా మరి? చెప్పుకోదగ్గదే. ‘అరకు వ్యాలీ అరబికా’కి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నాంది ఫౌండేషన్ పని నుంచి పుట్టిన అరకు కాఫీ బ్రాండ్ 2017లో పారిస్‌లో దుకాణం తెరిచింది. 2024 జూన్‌లో ప్రధాని ‘మన్ కీ బాత్’లో ఈ కాఫీ గురించి మాట్లాడారు. ఇవన్నీ నిజమే, కానీ ఇందులో ఏదీ మన ఫౌండర్ చేసింది కాదు. వేరేవాళ్లు ఏళ్ల తరబడి చేసిన పనిని మన ఖాతాలో చూపిస్తే వినేవాడికి వెంటనే తెలిసిపోతుంది. ‘సరే, మీరేం చేశారు?’ అన్న ప్రశ్న మనసులో మొదలవుతుంది. దానికి జవాబు వచ్చేసరికి వీడియో అయిపోతుంది.

ఇక్కడ ఒక చిన్న పరీక్ష పనికొస్తుంది. స్క్రిప్టులో ప్రతి వాక్యం దగ్గరా ఆగి, మీ సంస్థ పేరు తీసేసి అదే లోయలోని ఇంకో సంస్థ పేరు పెట్టండి. వాక్యం అప్పటికీ నిజంగానే ఉంటే కొట్టెయ్యండి. మూడు పేజీల నేపథ్యంలో ఈ పరీక్ష తర్వాత మిగిలేది ‘మాది అరకు మండలం’ అన్న ఒక్క ముక్కే. అది చాలు.

చివరి నుంచి మొదటికి

నేను చెప్పే పద్ధతిలో మొదట రాయాల్సింది చివరి వాక్యం. ఎంత అడుగుతున్నారు, దాంతో ఏం చేస్తారు, ఎప్పటికి ఏం కనిపిస్తుంది? అది రాశాక, ఆ మొత్తం న్యాయమే అనిపించే రుజువులు ఏవో అవే ట్రాక్షన్ భాగంలోకి వస్తాయి. ఆ రుజువులు అర్థం కావడానికి ఎంత అవసరమో అంతే సమస్య, పరిష్కారం రాయాలి. ఈ వరసలో రాస్తే ఏది వదిలెయ్యాలో విడిగా ఆలోచించనక్కర్లేదు.

మన ఉదాహరణలో రాతపిచ్ ప్రకారం ఆమెకి కావలసింది 40 లక్షలు. డ్రయ్యర్ ఒక్కోటి లక్షా 25 వేలు. 30 లక్షలతో 24 కొత్త డ్రయ్యర్లు, మిగతా 10 లక్షలు ‘మార్కెటింగ్, ఇతర ఖర్చులు’. ఇప్పటికే ఉన్న ఆరుతో కలిపి మొత్తం 30 డ్రయ్యర్లు. ఒక్కో డ్రయ్యర్ సీజన్‌కి ఒకటిన్నర టన్ను ఆరబెడుతుంది. ఆరబెట్టినందుకు రైతు దగ్గర కిలోకి 12 రూపాయలు తీసుకుంటారు.

ఇప్పుడు దీన్ని ఒక్క వాక్యంలో పెట్టండి. 30 డ్రయ్యర్లు, 45 టన్నులు, కిలోకి 12 రూపాయలు. అంటే సీజన్‌కి 5 లక్షల 40 వేలు, అదీ కూలీ, రవాణా, మరమ్మతు ఖర్చులు తియ్యకముందు. 40 లక్షలు పెట్టినవాడికి ఈ లెక్క ఎలా కనిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. తొమ్మిది పేజీల్లో ఇది ఏడో పేజీ పట్టికలో దాక్కుని ఉంది. రెండు నిమిషాల స్క్రిప్టులో దాక్కోవడానికి చోటు లేదు. అందుకే, వీడియో ఎవరూ అడగకపోయినా ఈ కసరత్తు చేసి తీరాలంటాను. డబ్బు అడిగే వాక్యం నోటితో చెప్పలేకపోతున్నామంటే తప్పు నోటిది కాదు, వ్యాపారం లెక్కది.

మరి ఆమె దారి మూసుకుపోయినట్టేనా? అదే ఏడో పేజీలో, పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది. రెండో సీజన్‌లో ఆరబెట్టిన తొమ్మిది టన్నుల్లో రెండు టన్నులు సంస్థే రైతుల దగ్గర కొని, మర పట్టించి, కాఫీ వేయించి అమ్మే రోస్టర్లకు నేరుగా అమ్మింది. ఆ సరుకు ఖర్చులన్నీ పోగా కిలోకి 120 రూపాయలు మిగిలాయి. ఏడు టన్నులు ఆరబెట్టిన ఛార్జీ మొత్తం 84 వేలైతే, ఈ రెండు టన్నుల మీద మిగిలింది 2 లక్షల 40 వేలు. అసలు వ్యాపారం డ్రయ్యర్ అద్దె కాదు, బాగా ఆరిన కాఫీ అమ్మకం.

అది తెలిశాక అడిగే మొత్తం అలాగే ఉన్నా, ఖర్చు పెట్టే తీరు మారిపోతుంది. డ్రయ్యర్లు పదే చాలు, పన్నెండున్నర లక్షలు. ఇరవై లక్షలు రైతుకి అక్కడికక్కడే డబ్బిచ్చి కాఫీ కొనడానికి. ఏడున్నర లక్షలు మనుషులకి, రవాణాకి. మొత్తం 16 డ్రయ్యర్లతో 24 టన్నులు ఆరబెట్టి, సగం నేరుగా అమ్మితే 14 లక్షల 40 వేలు, మిగతా సగం మీద ఛార్జీ లక్షా 44 వేలు. మొత్తం 15 లక్షల 84 వేలు. జీతాలు తీసినా ఏదో మిగులుతుంది. పైగా కొనుగోలుకి పెట్టిన ఇరవై లక్షలు సీజన్ చివర మళ్లీ చేతికొస్తాయి.

సమస్య చెప్పేటప్పుడు జాలి వద్దు

కొండ ప్రాంతాల స్టార్టప్ వీడియోల్లో నన్ను బాగా ఇబ్బంది పెట్టేది ఒకటుంది. సమస్య భాగం రాగానే విషాదం మ్యూజిక్, చిరిగిన చొక్కా, ‘అమాయక గిరిజనులు’ అన్న మాట. అది ఆ రైతుని చిన్నబుచ్చడమే కాదు, సమస్య ఏంటో కూడా చెప్పదు. పేదరికం అనేది మీ డ్రయ్యర్ తీర్చే సమస్య కాదు. మీ డ్రయ్యర్ తీర్చేది తడి.

ఆ తడి కథ చాలా స్పష్టంగా చెప్పొచ్చు. అరకులో సిల్వర్ ఓక్ చెట్ల నీడన పండే కాఫీ ఇంచుమించు నవంబర్ నుంచి కోతకొస్తుంది. ఎర్రగా పండిన పండు కోసిన రోజే తొక్క తీసి, జిగురు కడిగితే మిగిలేది పార్చ్‌మెంట్, అంటే పలచని పొరలో ఉన్న గింజ. అప్పుడు దాంట్లో సగం దాకా నీరే. అది పది, పదకొండు శాతానికి దిగాలి. నేల మీద ఎండకి పరిస్తే వారం, పది రోజులు పడుతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే లోయలో పొగమంచు, రాత్రి చలి, బంగాళాఖాతంలో వాయుగుండం పడితే వాన. మధ్యలో గింజ తడిసిందా, బూజు పడుతుంది, ఆ వాసన కప్పు దాకా వస్తుంది. ఆ భయంతోనే రైతు తొక్క తీసే పనే పెట్టుకోకుండా పండుని పండుగానే అమ్మేసుకుంటాడు.

ఇదంతా ముప్పై సెకన్లలో పడుతుంది. ఇందులో ఎవరి మీదా జాలి లేదు. ఏ నెలలో, ఏ దశలో, ఎందుకు నష్టమో ఉంది. వింటున్నవాడికి పరిష్కారం మీరు చెప్పకముందే సగం తడుతుంది. అందుకే పరిష్కారానికి ఇరవై సెకన్లు చాలు. యంత్రం లోపలి వివరాలు రాతపిచ్‌లోనే ఉండనివ్వండి. వీడియోలో అది మీ వెనకాల కనిపిస్తే సరిపోతుంది.

ట్రాక్షన్ అంటే ఎవరు డబ్బు కట్టారు?

ట్రాక్షన్ వాక్యంలో మూడు ఉండాలి. ఎంత, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, డబ్బు ఎవరిది? ‘వంద మందికి పైగా రైతులకు సేవలందించాం’ అనే వాక్యంలో ఈ మూడింట్లో రెండు లేవు. ఉచితంగా వాడినవాళ్లని, డబ్బు కట్టినవాళ్లని ఒకే మూటలో కట్టడం మన పిచ్‌లలో మామూలైపోయింది. ఇన్వెస్టర్ రెండో ప్రశ్నలోనే ఆ మూట విప్పుతాడు. విప్పాక మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది.

మన ఉదాహరణలో మొదటి సీజన్ అంతా ఉచితం. 11 మంది వాడారు. అది దాచాల్సిన పని లేదు. ఆ 11 మందిలో తొమ్మిది మంది రెండో ఏడాది డబ్బు కట్టి తిరిగొచ్చారు. ఇంత చిన్న అంకె చెబితే తక్కువగా చూస్తారని భయపడతారు కానీ, తిరిగొచ్చిన తొమ్మిది మంది గురించి విన్నాక, కొత్తగా చేరినవాళ్ల లెక్క కూడా నమ్మాలనిపిస్తుంది.

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన ఇంకో విషయం అడిగే భాగంలోకి రావాలి. అరకు షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలకి 1970లో వచ్చిన సవరణని మనవాళ్లు 1/70 చట్టం అంటారు. దాని ప్రకారం అక్కడి భూమి గిరిజనులకి, లేదా పూర్తిగా గిరిజనులే సభ్యులైన సహకార సంఘానికి తప్ప ఇంకెవరికీ బదిలీ కాకూడదు. బదిలీ అంటే అమ్మకమే కాదు, లీజు కూడా. ఇది తెలిసిన ఇన్వెస్టర్‌కి డ్రయ్యర్లు ఎవరి స్థలంలో పెడతారన్న అనుమానం ఎలాగూ వస్తుంది. తెలియనివాడికి తర్వాత లాయరు చెబుతాడు, డీల్ అక్కడ ఆగుతుంది. ఒక్క వాక్యంతో ముందే తేల్చెయ్యడం మంచిది.

ఇదీ ఆ స్క్రిప్టు

మన తెలుగు మాటలు పొడవు. తొందర లేకుండా మాట్లాడితే నిమిషానికి వంద పదాలు, అటూ ఇటూగా వస్తాయి. కాబట్టి మొత్తం రెండు వందల పదాల్లోపే ఉండాలి. మీ వేగం ఎంతో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని చూసుకోండి. మీరెవరో చెప్పడానికి 10 సెకన్లు, సమస్యకి 30, పరిష్కారానికి 20, ట్రాక్షన్‌కి 35, అడగడానికి 25.

‘నమస్తే. మాది అరకు మండలం. కొండ రైతుల కాఫీని ఊళ్లోనే ఆరబెట్టి, నేరుగా రోస్టర్లకు అమ్ముతాం.

ఇక్కడ నవంబర్ నుంచి కాఫీ కోత. తొక్క తీశాక గింజని వారం, పది రోజులు ఆరబెట్టాలి. సరిగ్గా అప్పుడే మాకు పొగమంచు, ఒక్కోసారి తుఫాను వాన. నేలమీద పరిచిన గింజ తడిస్తే బూజు పడుతుంది. ఆ భయంతో రైతు పండునే అమ్మేస్తాడు. మంచి గింజకి రావాల్సిన ధర అక్కడే పోతుంది.

మేం ఊళ్లో సోలార్ డ్రయ్యర్ పెడతాం. నా వెనకాల ఉన్నది అదే. తేమ పదకొండు శాతానికి దిగిందని మీటరుతో చూసి, రైతు పేరు రాసి లాట్ కడతాం.

మొదటి సీజన్‌లో ఒక డ్రయ్యర్, పదకొండు మంది రైతులు, ఉచితంగా. వాళ్లలో తొమ్మిది మంది మరుసటేడు డబ్బు కట్టి వచ్చారు. ఆ ఏడు మొత్తం 84 మంది, ఆరు డ్రయ్యర్లు, తొమ్మిది టన్నులు. ఏడు టన్నులు ఆరబెట్టిన ఛార్జీ 84 వేలు. మిగతా రెండు టన్నులు మేమే కొని ముగ్గురు రోస్టర్లకు అమ్మాం. సరుకు ఖర్చులు పోగా రెండు లక్షల నలభై వేలు మిగిలింది. ఇద్దరు ఇంకా ఎక్కువ అడిగారు. కొనడానికి మా దగ్గర డబ్బు లేదు.

అందుకే 40 లక్షలు అడుగుతున్నాం. ఇరవై లక్షలు రైతుకి అదే రోజు డబ్బివ్వడానికి. పన్నెండున్నర పది కొత్త డ్రయ్యర్లకి. ఏడున్నర మనుషులకి, రవాణాకి. డ్రయ్యర్లు గిరిజన రైతుల సహకార సంఘం చేతిలో, వాళ్ల స్థలంలోనే ఉంటాయి. మేం భూమి తీసుకోం. వచ్చే మార్చికి 24 టన్నులు ఆరబెట్టి, 12 టన్నులు నేరుగా అమ్మి చూపిస్తాం. డిసెంబర్‌లో వచ్చి మా లాట్ పుస్తకం చూడండి.’

ఇందులో పారిస్ లేదు, లోయ మీద ఎగిరే డ్రోన్ షాట్ లేదు, ఐదేళ్ల అంచనా లేదు. ‘కొనడానికి మా దగ్గర డబ్బు లేదు’ అన్న వాక్యాన్ని మాత్రం తియ్యొద్దంటాను. ట్రాక్షన్ నుంచి అడగడంలోకి వెళ్లే మెట్టు అదే. అది లేకపోతే 40 లక్షలు ఆకాశంలోంచి ఊడిపడ్డట్టుంటుంది.

షూట్ చేసే ముందు, తర్వాత

స్క్రిప్టు రాయాలి కానీ చదవకూడదు. అమెరికాలోని వై కాంబినేటర్ దరఖాస్తుతో పాటు ఒక్క నిమిషం వీడియోనే అడుగుతుంది, ముందే రాసుకున్నది అప్పజెప్పొద్దు, స్నేహితుడికి చెప్పినట్టు మాట్లాడమంటుంది. అంకెలు మాత్రం తప్పు పోకూడదు. కాబట్టి అంకెలున్న వాక్యాలు కంఠతా పట్టి, మిగతావి మీ మాటల్లోనే చెప్పండి. ఫోన్ కెమెరా చాలు. గొంతు దగ్గర చిన్న మైకు మాత్రం పెట్టుకోండి, కొండ గాలి హోరులో ‘పన్నెండున్నర’ వినపడకపోతే ఇంత చేసిందీ వృథా. అడిగే మొత్తం, దాని మూడు భాగాలు తెర మీద అక్షరాల్లో కూడా వెయ్యండి. లాట్ మీద ఉన్న రైతు పేరు, ముఖం చూపిస్తుంటే ఆ రైతుని ముందే అడిగి ఒప్పించండి.

తర్వాత వీడియోని మీ రాతపిచ్ చదవని ఒకరికి ఒక్కసారే చూపించండి. అయిపోయాక మూడు ప్రశ్నలు వెయ్యండి. నష్టం ఎప్పుడు, ఎందుకు జరుగుతోంది? ఇప్పటిదాకా డబ్బు కట్టింది ఎవరు? ఎంత అడిగాం, దేనికి? ఏ జవాబు తడబడితే ఆ భాగం మళ్లీ రాయాలి. ‘వీడియో బాగుంది, అరకు ఎంత అందంగా ఉందో’ అని మాత్రమే అన్నారంటే మొత్తం మళ్లీ రాయాలి.

వీడియో చెయ్యలేనిది కూడా ఒకటుంది. అది మీటింగ్ తెచ్చిపెడుతుంది, డబ్బు కాదు. మన ఉదాహరణ చూసిన ఇన్వెస్టర్ మొదట అడగబోయేది ఇదే. కిలో నాలుగు వందల లెక్కన కొన్నారనుకున్నా 12 టన్నులకి 48 లక్షలు కావాలి, మీ చేతిలో ఇరవయ్యే, ఎలా? ఒక్క సీజన్‌లో ఆ ఇరవై లక్షలు రెండున్నర సార్లు తిరగాలి, అంటే రోస్టర్లు సరుకు అందిన నెల, నెలన్నరలోపు డబ్బు కట్టాలి. వాళ్లు పోయినసారి ఎన్ని రోజులకి కట్టారో రాసి ఉన్న కాగితం ఆమె చేతిలో ఉండాలి. ఆ కాగితం ఉంటేనే కెమెరా ఆన్ చెయ్యాలి.